గివ్‌అవే విజేతలను కామెంట్ల నుంచి తీసే పద్ధతి: ఎవరూ వేలెత్తి చూపలేనిది కావాలి

మిద్దెతోట_వనజ

మాది మిద్దెతోటల మీద నడిచే యూట్యూబ్ ఛానెల్. సంక్రాంతికి ఐదుగురు వీక్షకులకు నాటు కూరగాయల విత్తనాల పెట్టెలు ఉచితంగా పంపిస్తామని, అందుకు వీడియోలో చూపించిన తీగ పేరును కామెంటులో రాయాలని ప్రకటించాము. పెట్టెలు రెండు తెలుగు రాష్ట్రాల చిరునామాలకే పంపుతామని, గడువు జనవరి 10 రాత్రి 11:59 అని వీడియోలోనే చెప్పాము. గడువు ముగిసింది కానీ డ్రా ఇంకా తీయలేదు.

కిందటిసారి ఒక ఉచిత వెబ్‌సైటులో వీడియో లింకు ఇచ్చి బటను నొక్కగా వచ్చిన పేరును ప్రకటించాము. ఆ పేరు గలవారు అదే వీడియో కింద పదకొండు కామెంట్లు పెట్టారని మరో వీక్షకురాలు లెక్కపెట్టి చూపించారు. ఆ సైటు వాటిని ఒక చీటీగా తీసుకుందో, పదకొండు చీటీలుగా తీసుకుందో తెలుసుకునే దారే లేదు. అప్పటి నుంచి ప్రతి వీడియో కింద "మీ చుట్టాలకే ఇచ్చుకున్నారు" అనే మాట పడుతూనే ఉంది.

మా అబ్బాయి నిన్న ఉదయం కామెంట్లన్నీ దించాడు. యూట్యూబ్ 2,316 అని చూపిస్తుంటే, వాడి ఫైలులో 1,598 మాత్రమే ఉన్నాయి. మిగిలిన 718 మంది ఏమైనట్టు? డ్రా తీసే ముందు ఈ సంగతి తేలాలి.

చిట్టీల_సుబ్బారావు

పేర్లన్నీ కాగితాల మీద రాసి, బిందెలో వేసి, లైవ్ పెట్టి, పక్కింటి చంటిపిల్లతో తీయించండి. మా వీధి చిట్టీ పాట ఏళ్ల తరబడి అలాగే నడుస్తోంది, ఇంతవరకు గొడవ రాలేదు. దీనికి కంప్యూటరు దేనికి?

అనుమానం_ఆంజనేయులు

సుబ్బారావు గారూ, మీ చిట్టీలో ఇరవై మంది ఉంటారు, ఇరవై మందీ ఎదురుగా కూర్చుని తమ చీటీ బిందెలో పడిందో లేదో చూసుకుంటారు. ఇక్కడ వెయ్యిమందికి పైగా ఉన్నారు. చీటీ తీయడం లైవ్‌లో కనిపిస్తుంది గానీ, నా చీటీ అసలు వేశారా, ఎవరిదైనా రెండు వేశారా అన్నది కనిపించదు. ఇలాంటి గివ్‌అవేలలో నేను చాలాసార్లు పాల్గొన్నాను, ఒక్కసారీ రాలేదు. రాకపోవడం నా దురదృష్టం కావచ్చు, కానీ నా పేరు జాబితాలో ఉందని ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. నా అనుమానమంతా అక్కడే.

పైథాన్_పంతులు

ఆంజనేయులు గారి అనుమానం సరైన చోటే ఉంది. గివ్‌అవే గొడవల్లో ఎక్కువ భాగం తీసే చెయ్యి దగ్గర కాక, జాబితా దగ్గరే పుడతాయి. కాబట్టి ముందు జాబితా సంగతి చూద్దాం.

వీడియో కింద కనిపించే 2,316లో ప్రత్యుత్తరాలు కూడా కలిసి ఉంటాయి. ప్రోగ్రాములు యూట్యూబ్‌ను నేరుగా సమాచారం అడిగే దారిని ఏపీఐ అంటారు. మీ అబ్బాయి అందులోని commentThreads.list ద్వారా దించి ఉంటే అది నేరుగా వీడియో కింద పెట్టిన కామెంట్లను పేజీకి గరిష్ఠంగా వంద చొప్పున ఇస్తుంది. ప్రత్యుత్తరాలను అదే పిలుపులో అడిగినా అన్నీ రాకపోవచ్చు, వాటికి comments.list అనే వేరే పిలుపు ఉంది. మీ 1,598 కామెంట్లకు పదహారు పేజీలు చాలు. ఒక్కో పేజీకి కోటాలో ఒక్క యూనిటే ఖర్చవుతుంది, రోజుకు ఉచితంగా దొరికేవి 10,000. కాబట్టి ఈ పనికి డబ్బు అడిగే సైట్లు మీకు అవసరం లేదు.

ప్రత్యుత్తరాలు ఎన్ని ఉన్నాయో లెక్క తీయించి ఇక్కడ రాయండి. ఆ తర్వాత కూడా తేడా మిగిలితే, యూట్యూబ్ స్టూడియోలో సమీక్ష కోసం నిలిపి ఉంచిన కామెంట్ల భాగం తెరిచి చూడండి. అవి మీకు తప్ప ఎవరికీ కనిపించవు, మామూలు ఏపీఐ కీతో దించిన ఫైలులోకీ రావు.

రీల్స్_రాజు

ఇన్‌స్టాగ్రామ్‌లో నేను ముగ్గురు స్నేహితులను ట్యాగ్ చేయమంటాను, ఎన్ని కామెంట్లు పెడితే అన్ని అవకాశాలు. ఎక్కువ కష్టపడినవారికి ఎక్కువ అవకాశం రావడంలో అన్యాయం ఏముంది? దానికంటే ముఖ్యంగా సబ్‌స్క్రైబ్ చేయనివారిని తీసేయాలి. ఏపీఐలో subscriptions.list ఉంది, ఒక్కో ఐడీ ఇస్తే చేశారో లేదో చెప్పేస్తుంది.

పైథాన్_పంతులు

రాజు గారు చెప్పిన పిలుపు ఉన్నమాట నిజమే, కానీ అది సగమే పనిచేస్తుంది. అవతలివారు తమ సబ్‌స్క్రిప్షన్లను బహిరంగంగా పెట్టుకుని ఉంటేనే జవాబు వస్తుంది, లేకుంటే 403 దోషంతో subscriptionForbidden అని వస్తుంది. అవి మొదటి నుంచే గోప్యంగా ఉంటాయి గనుక చాలామంది విషయంలో మీకు దోషమే కనిపిస్తుంది. దాన్ని "సబ్‌స్క్రైబ్ చేయలేదు" అని చదివితే నిజంగా చేసినవారిని వందల సంఖ్యలో బయటికి నెట్టినట్టే. స్క్రీన్‌షాట్ అడగడమూ పరిష్కారం కాదు, అది వేరే ఖాతా నుంచి తీసినదైనా తెలియదు.

యూట్యూబ్ పోటీల నియమాలు కూడా ఉన్నాయి. పోటీలో చేరడానికి డబ్బు తీసుకోకూడదు, పోటీని అడ్డం పెట్టుకుని వ్యూలు, లైకులు, సబ్‌స్క్రైబర్ల సంఖ్యను తారుమారు చేయకూడదు. సరిచూడలేని షరతు పెట్టడం కంటే ఆ షరతు లేకుండా చేయడమే మేలు.

ఎన్ని కామెంట్లకు అన్ని అవకాశాలు అన్నది మాత్రం ముందే ప్రకటిస్తే అన్యాయం కాదు, అది మీ ఇష్టం. వనజ గారు అలా ప్రకటించలేదు.

మిద్దెతోట_వనజ

లెక్క తీయించాను. ప్రత్యుత్తరాలు 704. ఇంకా 14 తేడా ఉంది. స్టూడియోలో చూస్తే ఆరు కామెంట్లు సమీక్షలో నిలిచి ఉన్నాయి. వాటిలో రెండు చెత్త ప్రకటనలు. నాలుగు మాత్రం నిజమైన జవాబులే, పాపం వాళ్లు పేరుతో పాటు ఫోను నంబరు కూడా రాశారు. బహుశా అందుకే ఆగి ఉంటాయి. మిగిలిన ఎనిమిదింటి జాడ దొరకలేదు.

పైథాన్_పంతులు

ఆ ఎనిమిది తొలగించినవో, యూట్యూబ్ స్పామ్‌గా పక్కన పెట్టినవో అయి ఉండవచ్చు. పైన కనిపించే సంఖ్య ప్రతిసారీ ఒకటి కూడా తేడా లేకుండా సరిపోతుందని ఆశించకండి.

ఆ నలుగురినీ ఆమోదించండి. వారు గడువులోగానే రాశారు, మీరు ఆలస్యంగా ఆమోదించినా కామెంటు పెట్టిన సమయం మారదు. అయితే కామెంటులో ఫోను నంబరు అందరికీ కనిపిస్తుంది కాబట్టి, దాన్ని తొలగించి రాయమని వారికి చెప్పండి. అలా సవరించినందుకు వారిని అనర్హులను చేయబోమని కూడా చెప్పండి. తర్వాత మరోసారి దించండి.

సవరణల గురించి ఒక మాట. ప్రతి కామెంటుకూ publishedAt, updatedAt అని రెండు సమయాలు వస్తాయి. సవరించిన కామెంటు ప్రస్తుత రూపమే వస్తుంది, పాతది రాదు. కొందరు ముందుగా "సూపర్" అని రాసి, గడువు దాటాక ఇతరుల జవాబు చూసి మార్చేస్తారు. మీ అబ్బాయి నిన్న ఉదయం దించిన ఫైలు ఇప్పుడు అక్కరకు వస్తుంది, ఆ తర్వాత జరిగిన మార్పులు రెండు ఫైళ్లు పోల్చితే తేలిపోతాయి. వచ్చేసారి గడువు ముగిసిన నిమిషంలోనే దించేలా పెట్టుకుంటే ఈ పేచీ ఉండదు.

డల్లాస్_బాబాయి

అంటే మా బోటి బయటి దేశాల వాళ్ల కామెంట్లను జాబితా దించేటప్పుడే తీసేస్తున్నారా? మేమూ ఆ ఛానెల్ చూస్తున్నాము, ఇక్కడ పెరట్లో దోసకాయలు కూడా పండిస్తున్నాము. ఇది వివక్ష కాదా?

మిద్దెతోట_వనజ

బాబాయి గారూ, తీసేయడం లేదు, ఎవరు ఏ దేశం నుంచి రాశారో కామెంటులో తెలియదు. కానీ పెట్టె మీ ఊరికి పంపలేను. విత్తనాలు అమెరికాకు చేరాలంటే వాటికి తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్టు, అక్కడి అనుమతులు కావాలి. మామూలు కొరియరులో వేస్తే కస్టమ్స్ వారు ఆపేస్తారు. విజయవాడలో మీవాళ్లెవరైనా ఉంటే వారి చిరునామా ఇవ్వండి, అభ్యంతరం లేదు.

డల్లాస్_బాబాయి

సరే, మా అత్తగారి చిరునామా ఇస్తాను. ఆవిడ మిద్దె మీద కోతులు తప్ప ఏవీ పెరగవు, అయినా ప్రయత్నిస్తాం.

పైథాన్_పంతులు

కామెంటుతో పాటు దేశం, ఊరు, వయసు ఏవీ రావు. అందుకే అర్హతలను రెండు భాగాలు చేయాలి. గడువు, జవాబు, ఒక ఖాతాకు ఒక అవకాశం అనేవి కామెంటు నుంచే తెలుస్తాయి కాబట్టి డ్రాకు ముందే అందరికీ వర్తింపజేయాలి. చిరునామా వంటివి డ్రా తర్వాత, పేరు వచ్చినవారి దగ్గరే సరిచూడాలి. వెయ్యిమంది చిరునామాలను ముందే సేకరించడం అనవసరం, ప్రమాదం కూడా.

గడువు దగ్గర ఒక మెలిక ఉంది. ఏపీఐ ఇచ్చే సమయం చివర Z అని ఉంటుంది, అది మన సమయానికి అయిదున్నర గంటలు వెనక. మీ గడువైన రాత్రి 11:59 అక్కడ 18:29 అవుతుంది. 23:59 అని రాసి వడపోస్తే, తెల్లవారుజామున అయిదున్నర దాకా వచ్చినవన్నీ లోపలికి వచ్చేస్తాయి. కాబట్టి publishedAt విలువ 2026-01-10T18:30:00Z కంటే ముందున్న కామెంట్లనే ఉంచమని మీ అబ్బాయికి చెప్పండి.

ఇక ఒకే మనిషి పలుమార్లు రాయడం. పేరును చూసి కలపవద్దు, లక్ష్మి అనే పేరుతో మీకు పాతికమంది ఉంటారు. పేరునూ, హ్యాండిల్‌నూ ఎప్పుడైనా మార్చుకోవచ్చు కూడా. UCతో మొదలయ్యే ఇరవై నాలుగు అక్షరాల ఛానెల్ ఐడీ మారదు, దానితోనే కలపాలి. రెండోసారి రాసినవారిని శిక్షించకండి, వారి మొదటి సరైన జవాబును ఒక అవకాశంగా ఉంచండి, మిగిలినవి వదిలేయండి.

అనుమానం_ఆంజనేయులు

మరి ఒకే మనిషి పది ఖాతాలు తెరిస్తే?

పైథాన్_పంతులు

కామెంట్ల నుంచి దాన్ని పట్టుకోలేము. ఒకే జీమెయిలు కింద కూడా ఒకటికి మించిన ఛానెళ్లు ఉండవచ్చు, వాటి ఐడీలు వేరువేరుగా ఉంటాయి. నిన్ననే తెరిచిన ఖాతా అని, బొమ్మ లేదని, ఒకే మాటలు రాశారని అనర్హులను చేస్తే నిజమైన పెద్దవాళ్లు చాలామంది పోతారు. మన వీక్షకుల్లో సగం మంది "చాలా బాగుంది మేడం" అనే రాస్తారు. పేరు వచ్చాక చిరునామా, ఫోను నంబరు ఇంకో విజేతతో కలుస్తున్నాయా అని చూడటం ఒక్కటే మనం గట్టిగా చేయగలిగింది. అయిదు పెట్టెల డ్రాలో అది చాలావరకు సరిపోతుంది.

మిద్దెతోట_వనజ

వడపోత అయింది. ఆమోదించిన నాలుగుతో కలిపి 1,602 కామెంట్లు. గడువు దాటినవి 61 పోయాయి. పంతులు గారు అన్నట్టే వాటిలో 38 అర్ధరాత్రికీ తెల్లవారుజాము అయిదున్నరకూ మధ్య వచ్చినవి. మా సొంత కామెంట్లు మూడు తీసేశాము. మిగిలిన 1,538లో వేరువేరు ఐడీలు 1,187. ఒకరు ఏకంగా ఇరవై ఆరు కామెంట్లు పెట్టారు.

ఇప్పుడు జవాబు దగ్గర ఆగిపోయాము. తీగ బోడకాకర. మా అబ్బాయి ఆ మాట ఉన్న కామెంట్లను మాత్రమే ఉంచమని ప్రోగ్రాము రాస్తే 411 మందే మిగిలారు. కళ్లతో చూస్తే అంతకంటే చాలా ఎక్కువమంది సరిగ్గానే రాశారు.

పల్నాటి_పిల్ల

మా వైపు దాన్ని ఆకాకర అంటాము. నేను అలాగే రాశాను, నన్ను తీసేస్తే ఊరుకోను.

చిట్టీల_సుబ్బారావు

ఆగాకర అనాలమ్మా. మా ఇంట్లో వేపుడు చేస్తే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కూడా వస్తారు.

పైథాన్_పంతులు

మూడూ అంగీకరించాలి, అడవి కాకర కూడా. ముందుగా ఆ పేర్లన్నీ జాబితా రాసుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో రాసే bodakakara, boda kakara, aakakara, agakara, spine gourd వంటివి కూడా చేర్చండి. పోల్చే ముందు ఆ జాబితాలోనూ, కామెంట్లలోనూ ఖాళీలన్నీ తీసేసి, ఇంగ్లీషు అక్షరాలను చిన్నవిగా మార్చండి.

తెలుగులో ఇంకో రెండు చిక్కులున్నాయి, కంటికి కనిపించవు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కనిపించని U+200C అనే గుర్తును పెడతాయి. ఒకరు రాసిన "గార్డ్", మరొకరు రాసిన "గార్డ్‌" తెర మీద ఒకేలా ఉన్నా ప్రోగ్రాముకు వేరు. రెండోది ఐత్వం. "స్పైన్"లోని ై ఒకే సంకేతంగానూ ఉండవచ్చు, రెండు ముక్కలుగానూ ఉండవచ్చు. రెంటికీ మందు చిన్నదే:

```python
import unicodedata
def clean(t):
    t = unicodedata.normalize("NFC", t)
    for c in ("\u200c", "\u200d", " "):
        t = t.replace(c, "")
    return t.lower()
```

ఇది చేశాక కూడా ప్రోగ్రాము "సరైన జవాబు" అన్నవారిని మాత్రమే నమ్మండి. "తప్పు" అన్నవారిని నమ్మకండి, వారి కామెంట్లను ఇద్దరు మనుషులు కూర్చుని చదవాలి. చదివేటప్పుడు పేర్ల వరుసను దాచేస్తే మంచిది, తెలిసినవారి పట్ల మొగ్గు రాదు.

మిద్దెతోట_వనజ

నేనూ మా తోడికోడలూ కూర్చుని చదివాము. ప్రోగ్రాము నేరుగా 902 మందిని ఒప్పుకుంది, మిగిలిన 285 మందిలో 147 మందివి సరైన జవాబులే. "బోడకాకర కయ", "బోడ కాకర్కాయ", "మా అమ్మమ్మ ఆకాకరకాయలు అనేది" వంటివి. చివరికి 138 మంది పోయి 1,049 మంది మిగిలారు. "కాకర" అని మాత్రమే రాసినవారిని మాత్రం తీసేశాము. అది వేరే కూర.

రీల్స్_రాజు

ఇప్పుడు గూగుల్‌లో 1 నుంచి 1,049 లోపు ఒక సంఖ్య తీయమని అడిగి, ఆ తెరను రికార్డు చేసి పెట్టేయండి. అయిపోయింది.

అనుమానం_ఆంజనేయులు

నచ్చిన పేరు వచ్చేదాకా పదిసార్లు రికార్డు చేసి, పదోది పెట్టినా మాకు తెలియదు కదా.

పైథాన్_పంతులు

అవును, అసలు పరీక్ష అదే. నిర్వాహకురాలికి రెండో ప్రయత్నం అనేదే లేకుండా చేయాలి. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ తన నామినేటింగ్ కమిటీ సభ్యులను ఇలాగే ఎన్నుకుంటుంది, ఆ పద్ధతి 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3797గా వెలువడింది. సారాంశం ఏమిటంటే ముందు జాబితాను బిగించి ప్రకటించాలి, తర్వాత ఎవరి చేతిలోనూ లేని ఒక బహిరంగ సంఖ్య వచ్చేదాకా ఆగాలి, ఆ సంఖ్యతో ఎవరైనా ఇంట్లో కూర్చుని అదే ఫలితాన్ని రాబట్టగలగాలి.

మీ విషయంలో ఇలా చేయండి. 1,049 ఛానెల్ ఐడీలను వరుసకు ఒకటి చొప్పున list.txtలో పెట్టి పంచండి. తమ ఐడీ లేదనేవారికి ఒక రోజు గడువివ్వండి. సవరణలు అయ్యాక ఆ ఫైలు SHA-256 విలువను, అంటే ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్యను, పిన్ చేసిన కామెంటులో పెట్టండి, ఫలానా రోజు ఫలానా సంఖ్యను వాడతామని, దాన్ని ఏ రూపంలో రాస్తామో కూడా అక్కడే రాయండి. ఆ సంఖ్య వచ్చాక:

```python
import hashlib
seed = "NR123456"
ids = open("list.txt").read().split()
def ticket(i):
    return hashlib.sha256((seed + "|" + i).encode()).hexdigest()
for i in sorted(ids, key=ticket)[:20]:
    print(i)
```

ఇక్కడ ప్రతి ఒక్కరికీ సొంత చీటీ సంఖ్య పుడుతుంది, చిన్న సంఖ్య గలవారు ముందు వస్తారు. "ఎన్నో పేరు" అని తీసే పద్ధతిలో జాబితా నుంచి ఒకరిని తొలగిస్తే తర్వాతి వారందరి స్థానాలూ జరిగిపోయి, మిగతా విజేతలు కూడా మారిపోవచ్చు. ఈ పద్ధతిలో ఒకరు అనర్హులని తేలితే వారు మాత్రమే తప్పుకుంటారు, కిందివారు ఒక మెట్టు పైకి వస్తారు. మళ్లీ డ్రా తీయాల్సిన పని ఉండదు.

మిద్దెతోట_వనజ

ఆ బహిరంగ సంఖ్య ఏది వాడాలి?

పైథాన్_పంతులు

2019 నుంచి నడుస్తున్న డ్రాండ్ అని ఒక సేవ ఉంది. అనేక సంస్థలు కలిసి కొద్ది సెకన్లకొకసారి ఒక యాదృచ్ఛిక సంఖ్యను వెలువరిస్తాయి, ఏ ఒక్కరూ దాన్ని వంచలేరు. ప్రతిదానికీ వరుస సంఖ్య ఉంటుంది కాబట్టి రేపు సాయంత్రం రాబోయేదాన్ని ఈరోజే పేర్కొనవచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా నిమిషానికొకటి ప్రకటిస్తుంది.

మిద్దెతోట_వనజ

మా వీక్షకుల్లో ఎక్కువమంది గృహిణులు, పదవీ విరమణ చేసినవారు. డ్రాండ్ అంటే ఇంకో మోసం అనుకుంటారు. పేపరులో కనిపించేది ఏదైనా చెప్పండి.

పైథాన్_పంతులు

అయితే కేరళ ప్రభుత్వ లాటరీ మొదటి బహుమతి సంఖ్య వాడండి. రెండు అక్షరాలు, ఆరు అంకెలు ఉంటాయి, అందరి ఎదుటా తీస్తారు, పేపరులో వస్తుంది. పై కోడులో నమూనాగా పెట్టింది అలాంటిదే. ఆ రోజు డ్రా జరగకపోతే తర్వాతి డ్రా సంఖ్య వాడతామని ముందే రాసిపెట్టండి.

వకీలు_గోదావరి

మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ లాటరీ లేదు. ఛానెల్ మీద లాటరీ మాట ఎత్తితే చూసేవారికి వేరే అర్థం తోచవచ్చు. సెన్సెక్స్, నిఫ్టీల ముగింపు అంకెలను పక్కపక్కన పెట్టి వాడితే ఏ ఇబ్బందీ ఉండదు, అవీ పేపరులో వస్తాయి.

ఇంకో సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతులను చెబుతూ, ఉచిత బహుమతుల పథకం ముగిశాక తుది ఫలితాలను పాల్గొన్నవారికి తెలియజేయకుండా ఉండటాన్ని కూడా అందులో చేర్చింది. ఉచితమని చెప్పి డెలివరీ పేరుతో డబ్బు అడగడమూ మంచిది కాదు.

పైథాన్_పంతులు

సెన్సెక్స్ పనికొస్తుంది గానీ, సైటును బట్టి పైసలను గుండ్రం చేసి చూపిస్తారు. ఏ సైటు, ఎన్ని దశాంశాలు, కామా ఉంటుందా ఉండదా అన్నది తేల్చి చెప్పకపోతే ఇద్దరికి రెండు ఫలితాలు వస్తాయి. లాటరీ టికెట్టు సంఖ్యలో ఆ గందరగోళం తక్కువ. నేనైతే లాటరీ సంఖ్యకే ఓటు వేస్తాను.

వకీలు_గోదావరి

నేను వేయను. ఆమె ఛానెల్, ఆమె నిర్ణయం.

పల్నాటి_పిల్ల

డెలివరీ డబ్బు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఇంకో ఛానెల్ గివ్‌అవేలో నా కామెంటు కింద అదే పేరు, అదే బొమ్మతో "అభినందనలు, మీరు గెలిచారు, వాట్సాప్‌కు రండి" అని వచ్చింది. వెళితే కొరియరు ఖర్చు 499 పంపమన్నారు. అది ఛానెల్ వాళ్లు కాదు, నకిలీ ఖాతా. వనజ గారూ, విజేతలను ఎలా పిలుస్తారో ముందే చెప్పండి.

మిద్దెతోట_వనజ

మంచి మాట. పిన్ చేసిన కామెంటులోనే పేర్లు ప్రకటిస్తాము. మేము ఎవరికీ ముందుగా సందేశం పంపము, విజేతలే ఛానెల్ వివరాల్లో ఉన్న మెయిలుకు రాయాలి. మెయిలు పంపినది వారేనని తెలియడానికి మేమిచ్చే ఒక మాటను తమ పాత కామెంటుకు ప్రత్యుత్తరంగా పెట్టాలి. 72 గంటల్లో రాకపోతే తర్వాతి వారికి వెళుతుంది. చిరునామాలో పిన్ కోడు 50 నుంచి 53 లోపు మొదలైతే మన రాష్ట్రాలే అని మా అబ్బాయి అంటున్నాడు, దాన్ని కూడా కంప్యూటరే చూస్తుందట.

వకీలు_గోదావరి

యానాం పిన్ కోడు 533464. అది పుదుచ్చేరి. మీ అబ్బాయి కంప్యూటరు యానాం వారిని కూడా ఆంధ్రలో కలిపేస్తుంది.

మిద్దెతోట_వనజ

యానాం వారికి పంపడానికి నాకేమీ అభ్యంతరం లేదు. కొరియరు ఖర్చు కాకినాడకూ యానాంకూ ఒకటే.

వకీలు_గోదావరి

అభ్యంతరం ఉండవలసింది మీకు కాదు. రెండు తెలుగు రాష్ట్రాలకే అని వీడియోలో అన్నారు. ఆ మాట విని పాల్గొనకుండా ఊరుకున్న యానాం వారు ఉండవచ్చు. గడువు ముగిశాక షరతును సడలించినా, బిగించినా అది మార్పే.

చిట్టీల_సుబ్బారావు

అలాగైతే ఒక ఇంటికి ఒకటే పెట్టె అన్న షరతు కూడా పెట్టకూడదు కదా? ఒకే మిద్దెకు రెండు పెట్టెలు దేనికి?

అనుమానం_ఆంజనేయులు

మా ఇంట్లో నేను, మా ఆవిడ, మా కోడలు ముగ్గురం వేరువేరు ఫోన్లలో చూస్తాము, ముగ్గురం నిజంగానే రాశాము. ముందు చెప్పకుండా ఇప్పుడు ఇంటికి ఒకటే అంటే ఒప్పుకోను.

పైథాన్_పంతులు

న్యాయంగా చూస్తే ఆంజనేయులు గారిదే సరైన మాట. కానీ ఇంటికి ఒకటి అనే షరతు లేకపోతే పది ఖాతాల వ్యక్తిని ఆపడానికి మన దగ్గర మిగిలే ఆయుధం ఫోను నంబరు ఒక్కటే, అది మరీ బలహీనం. ఈసారికి చిరునామా ఒకటైనా మనుషులు వేరని తేలితే ఇవ్వండి, వచ్చేసారి ముందే రాయండి అంటాను.

చిట్టీల_సుబ్బారావు

మనుషులు వేరని ఎలా తేలుతుంది? ఆధార్ అడుగుతారా, వంకాయ విత్తనాలకు?

మిద్దెతోట_వనజ

ఆధార్ అడగను. దీని మీద ఇంకా ఆలోచిస్తున్నాను. జాబితాను మాత్రం ఈ సాయంత్రం పెడతాను.

అనుమానం_ఆంజనేయులు

ఫైలు పెట్టండి, నేనే ఆ కోడు నడిపి చూస్తాను. విండోస్‌లో ఆ SHA-256 విలువ ఎలా చూడాలి? నోట్‌ప్యాడులో తెరిచి నా ఐడీ ఉందో లేదో చూసి, సేవ్ చేసి లెక్క కడితే చాలా?

పైథాన్_పంతులు

సేవ్ చేయవద్దు. వరుసల చివర ఉండే కనిపించని గుర్తు మారినా, మొదట్లో ఒక గుర్తు అదనంగా చేరినా విలువ పూర్తిగా వేరుగా వస్తుంది, అప్పుడు వనజ గారు జాబితా మార్చారని మీరు మళ్లీ అనుమానపడతారు. దించిన ఫైలును అలాగే ఉంచి కమాండు నడపండి:

```
certutil -hashfile list.txt SHA256
```

ఐడీ వెతకడానికి ఇంకో ప్రతి తీసుకోండి. వనజ గారూ, వాట్సాప్ గుంపులో అతికించకుండా ఫైలుగానే పెట్టండి, అతికిస్తే వరుసలు చెదురుతాయి.

మిద్దెతోట_వనజ

జిప్ చేసి లింకు పెడతాము. ఆంజనేయులు గారూ, మీ ఇంట్లో ముగ్గురి ఐడీలూ వెతికి చూసి ఇక్కడే చెప్పండి.